"ముందే చెప్పా కదా" అనకుండా

ఆగస్టు 10 సాయంత్రం. టీ గ్లాసులు ఎత్తేసే వేళ. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన అబ్బాయి కుర్చీ నావైపు తిప్పి, "మేడం, ఒక్కసారి చూస్తారా? పంపేస్తాను" అన్నాడు. స్క్రీన్ మీద మెయిల్ సిద్ధంగా ఉంది. 'టు'లో వెండర్ గారు. 'సీసీ'లో నేను, పర్చేజ్ మేనేజరు, ఆయన పైన మా డైరెక్టరు. మొదటి ముక్కే "యాజ్ పర్ మై లాస్ట్ ఈమెయిల్".

నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడ జన్మలో ఎవర్నీ తిట్టలేదు. "నేను ముందే చెప్పాను, వినేవాళ్ళుంటే కదా" అని గోడతో అనేది. గోడకి అవతల కూర్చున్న కోడలికి ముద్ద దిగేది కాదు. దెప్పిపొడుపు అంటే ఏమిటో నేను అక్కడే నేర్చుకున్నాను. ఆఫీసులో అది ఇంగ్లీషు వేసుకుని తిరుగుతుంది, అంతే తేడా.

బాలానగర్‌లో మెషిన్ స్పేర్లు తయారుచేసే ఒక కంపెనీలో 19 ఏళ్ళుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఈ ఉద్యోగంలో లెక్కలు రాయడం సగమే. మిగతా సగం జనాన్ని వెంటపడి అడగడం. స్టోర్స్ వాళ్ళని జీఆర్ఎన్‌లు, సేల్స్ వాళ్ళని ఖర్చుల వోచర్లు, వెండర్లని బిల్లులు. అడిగిందే అడిగితే ఎవరికైనా గొంతులో కొంచెం కారం చేరుతుంది. ఆ అబ్బాయిని తప్పు పట్టను.

విషయమేమిటంటే, ఈ వెండర్ గారు జూలై 8న మాకు బిల్లు వేశారు. నంబరు 118. సరుకు 4,20,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 75,600. మొత్తం 4,95,600. ఆ 75,600ని మేం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవాలంటే బిల్లు మా దగ్గర ఉంటే చాలదు. ఆయన దాన్ని పోర్టల్లో చూపించాలి, అది మా జీఎస్‌టీఆర్-2బిలోకి రావాలి. 2బి ప్రతి నెలా 14న తయారవుతుంది. మేం 20లోగా 3బి వేసి పన్ను కడతాం. 14న ఆ బిల్లు కనిపించలేదంటే 75,600 మా జేబులోంచి కట్టాలి, తర్వాత ఎప్పుడో సర్దుకోవాలి. అందుకే పదో తేదీ దాటితే మా సెక్షన్‌లో అందరికీ కాస్త వేడి ఎక్కుతుంది.

మా మెయిళ్ళన్నీ ఇంగ్లీషులోనే నడుస్తాయి. అబ్బాయి రాసింది తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"జూలై 28 నాటి నా గత మెయిల్ ప్రకారం, ఆ తర్వాత ఆగస్టు 5న పంపిన రిమైండర్ ప్రకారం, ఇంతవరకూ మీ నుంచి ఎలాంటి జవాబూ రాలేదని గమనించగలరు. మరొక్కసారి సున్నితంగా గుర్తు చేస్తున్నాము. ఇకనైనా తగిన చర్య తీసుకుని వెంటనే తెలియజేయగలరు."

"ఇందులో ఆయన చెయ్యాల్సిన పనేంటి?" అన్నాను.

"బిల్లు అప్‌లోడ్ చెయ్యాలి మేడం."

"ఆ మాట చూపించు."

వెతికాడు. లేదు. బిల్లు నంబరు లేదు, డబ్బెంతో లేదు, ఎప్పటిలోగానో లేదు. ఉన్నదంతా ఆయన మాట్లాడకపోవడం గురించే. మెయిల్ మొత్తం వెనక్కి తిరిగి నిలబడి ఉంది. మనకి కావలసింది రాబోయే రోజుల్లో జరగాల్సిన పని. మెయిల్లో ఉన్నది గడిచిపోయిన పదమూడు రోజుల లెక్క. ఇలాంటి మెయిల్ చదివినవాడికి రెండే దారులు, సంజాయిషీ ఇచ్చుకోవడం లేదా మూసేసి ఊరుకోవడం. పని చెయ్యడం అనే మూడో దారి మనం రాయనే లేదు.

పదాల జోలికి వెళ్ళకముందు నేను చేయించే పని ఒకటుంది. ఆ 'లాస్ట్ ఈమెయిల్' తెరిచి, మనమే అవతలివాళ్ళమైనట్టు చదవాలి. తెరిచాం. జూలై 28 మెయిల్ వెండర్లందరికీ కలిపి ఒకేసారి వెళ్ళింది. "మీ జూలై బిల్లులను సకాలంలో అప్‌లోడ్ చేయగలరు" అని ఉంది. దానికి ఎవరైనా ఏమని జవాబిస్తారు? అది ప్రశ్నే కాదు. ఆగస్టు 5 నాటిది అదే మెయిల్ మళ్ళీ ఫార్వర్డ్ చేసి, పైన 'జెంటిల్ రిమైండర్' అని తగిలించింది. ('జెంటిల్' అని రాసినంత మాత్రాన సున్నితం రాదు. నా అనుభవంలో ఆ మాట ఉన్న మెయిలే ఎక్కువ గుచ్చుతుంది.) అంటే ఆయన జవాబివ్వలేదని మనం నిలదీస్తున్నాం గానీ, ఆయన్ని మనం ఏదీ అడగనే లేదు.

ఆ తర్వాత పోర్టల్లో ఆయన జీఎస్‌టీ నంబరు కొట్టి చూశాం. అసలు గుట్టు అక్కడ బయటపడింది. ఆయన నెలనెలా కాదు, మూడు నెలలకోసారి రిటర్ను వేస్తారు. ఏడాదికి 5 కోట్ల లోపు వ్యాపారం ఉన్నవాళ్ళకి 2021 జనవరి నుంచి ఆ వెసులుబాటు ఉంది. జూలై-సెప్టెంబరు బిల్లులకి ఆయన గడువు అక్టోబరు 13. ఈ ఏడాదే కొత్తగా మాకు సప్లై మొదలుపెట్టిన మనిషి, మాకు వేసిన మొదటి బిల్లే ఇది. 'సకాలంలో' అని మనం అన్నప్పుడు మన మనసులో ఉన్నది ఆగస్టు. ఆయన మనసులో ఉన్నది అక్టోబరు. ఆయన లెక్కలో ఆయనకింకా రెండు నెలల పైనే టైముంది. అలాంటి మనిషికి "ఇకనైనా" అని రాయబోయాం.

అబ్బాయి మొహం కొంచెం వాడింది. అప్పుడు నా సంగతి చెప్పాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు కాబోలు, స్టోర్స్ ఇన్‌ఛార్జి గారికి 14 జీఆర్ఎన్‌ల కోసం రెండుసార్లు రాశాను. మూడోసారి "యాజ్ పర్ మై లాస్ట్ టు ఈమెయిల్స్" అని మొదలుపెట్టి పైవాళ్ళందరినీ సీసీలో పెట్టాను. మర్నాడు ఆయన నా మెయిల్ ప్రింటు తీసుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చారు. ఆ మాటల కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. కింద నా లిస్టులో 11 నంబర్లకి టిక్కులు, అవన్నీ ఎంట్రీ అయిపోయాయి. మిగతా మూడూ ఇన్‌స్పెక్షన్‌లో రిజెక్టయిన సరుకు, వాటికి జీఆర్ఎన్ పుట్టదు. "మొదటి రెండు మెయిళ్ళలో ఏ పద్నాలుగో నువ్వు రాయలేదమ్మా, నేను సిస్టమ్‌లో చూసుకుంటావనుకున్నా" అన్నారు, గొంతు పెంచకుండా. ఆ తర్వాత చాలాకాలం నాకు ఏం కావాలన్నా "మెయిల్ పెట్టమ్మా" అనేవారు. పక్క గదిలోనే కూర్చునేవారు.

"అయితే మెత్తగా రాస్తా మేడం" అని అబ్బాయి మళ్ళీ మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో రెండో ప్రతి వచ్చింది. "మీరు పనుల ఒత్తిడిలో ఉంటారని తెలుసు, ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి, వీలైతే, తీరిక దొరికినప్పుడు, జూలై బిల్లు సంగతి ఒకసారి చూడగలరేమో..."

ఇది మొదటిదానికంటే ప్రమాదం. మొదటి మెయిల్ చదివితే కోపమైనా వస్తుంది. రెండోది చదివిన మనిషి నిజంగానే తీరిక దొరికినప్పుడు చూద్దామనుకుంటాడు, ఈలోగా 14 వచ్చేస్తుంది. దెప్పడం మానమంటే చాలామంది చేసే పొరపాటు ఇదే, ముల్లుతో పాటు గట్టిదనం కూడా తీసేస్తారు. తియ్యాల్సింది ముల్లు ఒక్కటే. ఆ ముల్లు 'నేను చెప్పాను, నువ్వు చెయ్యలేదు' అనే చోట ఉంది. గట్టిదనం ఉండేది వేరే చోట, తేదీలో, అంకెలో, ఆ తేదీ దాటితే ఏం జరుగుతుందో చెప్పే వాక్యంలో. వాటిని మెత్తబరచక్కర్లేదు. నిజానికి అవి ఎంత సూటిగా ఉంటే మిగతా మెయిల్ అంత మర్యాదగా ఉండగలదు.

"పోనీ మొత్తం పేమెంటు ఆపేస్తామని రాద్దామా?" అన్నాడు. కుర్రవాళ్ళకి గట్టిదనం అంటే వెంటనే తట్టేది బెదిరింపే. వద్దన్నాను. ఆయన ఉద్యమ్‌లో నమోదైన చిన్న తయారీదారు. రాతపూర్వకంగా ఒప్పందం ఉన్నా సరే, అలాంటివాళ్ళకి డబ్బు చెల్లించడానికి చట్టం ఇచ్చే గరిష్ఠ గడువు 45 రోజులు. దాటితే వడ్డీ మనమే కట్టాలి. మనం చెయ్యలేనిదాన్ని, చెయ్యకూడనిదాన్ని మెయిల్లో రాస్తే అవతలివాళ్ళ ఆడిటరు ఒక్క చూపులో కనిపెడతాడు. ఆ తర్వాత మనం రాసే ఏ తేదీకీ విలువుండదు. మా పర్చేజ్ ఆర్డర్‌లో మాత్రం ఒక షరతు ఉంది, బిల్లు 2బిలో కనిపించేదాకా పన్ను భాగాన్ని ఆపుకోవచ్చని. ఆయన సంతకం పెట్టిందే. అంతవరకే రాయగలం. ఆ షరతు 45 రోజులు దాటాక కూడా చెల్లుతుందా అన్నది వకీలు చూడాల్సిన విషయం. మన మంచికి, 45 రోజులు ఆగస్టు 22తో నిండుతాయి. 2బి వచ్చేది 14న. మధ్యలో వారం ఉంది.

అప్పుడు ఇద్దరం కూర్చుని రాశాం. సబ్జెక్టు దగ్గరే మొదలుపెట్టాం. 'రిమైండర్-2, అర్జెంట్' తీసేసి "బిల్లు నం. 118: ఆగస్టు 13లోపు ఐఎఫ్ఎఫ్‌లో అప్‌లోడ్" అని పెట్టాం. ఫోన్‌లో మెయిల్ తెరవకుండానే పనేంటో, ఎప్పటికో కనిపించాలి. తర్వాత:

"నమస్తే సర్. మీ బిల్లు నం. 118, జూలై 8, మొత్తం రూ. 4,95,600. అందులో జీఎస్‌టీ రూ. 75,600. కాపీ జతచేశాను.

మీరు మూడు నెలలకోసారి రిటర్ను వేస్తారని పోర్టల్లో చూశాం. ఈ ఒక్క బిల్లును ఆగస్టు 13లోపు ఐఎఫ్ఎఫ్‌లో పెట్టాలని కోరుతున్నాం. అలా పెడితే 14న మా 2బిలో కనిపిస్తుంది, మొత్తం రూ. 4,95,600 ఆగస్టు 22న ఒకేసారి మీ ఖాతాలో పడుతుంది. 14న కనిపించకపోతే 22న రూ. 4,20,000 మాత్రమే పంపగలం. పర్చేజ్ ఆర్డర్‌లోని పన్ను షరతు ప్రకారం రూ. 75,600 ఆగుతుంది.

13లోపు పెట్టగలరో లేదో 12 సాయంత్రంలోగా ఒక్కమాట రాయండి. ఏదైనా అడ్డొస్తే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి, మాట్లాడుకుందాం."

ఐఎఫ్ఎఫ్ అంటే మూడు నెలల రిటర్ను వేసేవాళ్ళు మధ్యలోని నెలల్లో కావలసిన బిల్లులు మాత్రం ముందుగా చూపించుకునే సౌకర్యం. మూడు నెలల్లో మొదటి రెండు నెలలకి, మరుసటి నెల 13దాకా తెరిచి ఉంటుంది. వాడాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. అందుకే "పెట్టాలి" అని హుకుం జారీ చెయ్యకుండా "కోరుతున్నాం" అన్నాం. అది మొహమాటం కాదు, ఉన్న పరిస్థితి అంతే. కానీ 22న ఎంత పడుతుందన్న చోట 'బహుశా', 'ఉండొచ్చు' పెట్టలేదు, ఎందుకంటే అది మా చేతిలో ఉన్నది. జవాబుకి 12 అని పెట్టడానికి కారణం వేరే. చివరి రోజు పోర్టల్ మొరాయించడం మామూలే. కాదంటే మనకి ఒక రోజు ముందే తెలియాలి, ఆ 75,600 బ్యాంకులో సర్దుకోవాలి కదా.

అబ్బాయికి ఒక బెంగ మిగిలింది. "మరి మనం రెండుసార్లు రాశామన్నది పోతుంది కదా మేడం? రేపు ఆడిట్‌లో అడిగితే?" మంచి ప్రశ్నే. పోదు. కొత్త మెయిల్ తెరవకుండా ఆగస్టు 5 మెయిల్‌కే 'రిప్లై' కొట్టి రాయమన్నాను. కింద పాత రెండూ తేదీలతో సహా ఉంటాయి. సాక్ష్యం అవే చెప్తాయి, మనం నోరు చేసుకోనక్కర్లేదు. ఎప్పుడైనా వ్యవహారం నిజంగా చెడి, నోటీసుల దాకా వెళ్తే, అప్పుడు "జూలై 28న, ఆగస్టు 5న, ఆగస్టు 10న రాశాం" అని తేదీలు వరుసగా రాస్తాం. అది దెప్పడం కాదు, రికార్డు. రెండింటికీ తేడా తెలుసుకోవడానికి నేను చూసుకునేది ఒక్కటే. ఆ వాక్యం మూడో మనిషి చదవడం కోసం రాశామా, అవతలివాడికి నొప్పి పుట్టాలని రాశామా? నిజాయితీగా అడిగితే మనసు చెప్పేస్తుంది, ముఖ్యంగా రాత్రి పదకొండింటికి రాసిన మెయిల్ విషయంలో.

ఇక సీసీ. మాటలన్నీ మార్చి డైరెక్టరు గారిని అక్కడే ఉంచితే ముల్లు అక్కడే ఉంటుంది. పెద్దాయన పేరు చూడగానే వెండర్‌కి కంప్లయింట్ వెళ్ళిపోయిందని అర్థమవుతుంది. ఆయన్ని తీసేశాం. పర్చేజ్ మేనేజర్ని ఉంచాం, ఎందుకంటే పన్ను ఆగితే వెండర్ మొదట ఫోన్ చేసేది ఆయనకే. ఈ మెయిల్‌తో పని ఉన్నవాళ్ళే సీసీలో ఉండాలి. పైవాళ్ళకి చెప్పాల్సి వస్తే వేరేగా చెప్తాం, చెప్తున్నామని వెండర్‌కి కూడా ముందే చెప్పి.

మర్నాడు మధ్యాహ్నం వెండర్ గారే ఫోన్ చేశారు. అరవై దాటిన మనిషి, వెనక లేత్ మెషిన్ చప్పుడు. "అమ్మా, ఈ ఐఎఫ్ఎఫ్ ఏంది? మా అకౌంటెంటు వారంల రెండు రోజులే వస్తడు. ఆయనకే తెలుస్తది." మెయిల్‌ని అలాగే ఆయనకి ఫార్వర్డ్ చెయ్యమన్నాను. "అంతే చాలా? ఇంకేం పంపాల్నా?" అంతే చాలన్నాను. ఫోన్ పెట్టాక తట్టింది, మొదటి ప్రతి వెళ్ళి ఉంటే ఆ పార్ట్‌టైమ్ అకౌంటెంటు "యాజ్ పర్ మై లాస్ట్ ఈమెయిల్" చదువుకుని ఏ మెయిలో, ఏ బిల్లో అని తల గోక్కునేవాడు. పని చేసే చెయ్యి చాలాసార్లు మనం రాసిన మనిషిది కాదు. పాత కథ తెలియనివాడికి కూడా మెయిల్ తనంతట తాను అర్థం కావాలి. అదే మెయిల్‌తో పాటు ఎత్తిపొడుపు కూడా ముగ్గురి చేతులు మారుతుందని అబ్బాయితో అన్నాను. ఆ మాటకి మాత్రం నవ్వాడు.

12 సాయంత్రం దాకా రాతలో జవాబు రాలేదు. ఆరింటికి అబ్బాయి నావైపు చూశాడు, చేతులు కీబోర్డు మీద. నేను ఫోన్ తీశాను. నాలుగో మెయిల్‌తో పని లేదు, చెప్పాల్సిందంతా మూడోదానిలో ఉంది. "రేపు అకౌంటెంటు వస్తున్నాడా సర్?" అన్నాను. "వస్తుండమ్మా, పొద్దున్నే. మెయిల్ చూసిండు. రాస్తా అన్నడు, రాయలేదా?" అన్నారు. లేదని చెప్పాను, 13 దాటితే 75,600 సంగతి మళ్ళీ ఒకసారి అలాగే చెప్పాను, అదే గొంతుతో. "తెలుసమ్మా, చదివిన" అన్నారు.

14 ఉదయం 2బి దించుకుని ఎక్సెల్‌లో తెరిచాం. అబ్బాయి 118 అని కొట్టి వెతికాడు. వరుస దొరికింది, పన్ను 75,600, పైసా తేడా లేదు. 22న పంపాల్సిన పేమెంట్లలో 4,95,600 రాసుకున్నాడు.

ఆ పక్కనే ఇన్‌బాక్స్‌లో వెండర్ గారి అకౌంటెంటు నుంచి, ముందు రోజు రాత్రి 9:50కి వచ్చిన ఒక్క వాక్యం జవాబు కనిపించింది.

"యాజ్ పర్ యువర్ ఈమెయిల్, అప్‌లోడెడ్."

అబ్బాయి స్క్రీన్ వైపు, నావైపు మార్చి మార్చి చూశాడు. "మేడం, ఇది మామూలుగా అన్నదా, మనకి తగిలించిందా?"

నేను రెండుసార్లు చదివాను. తేలలేదు. థాంక్స్ అని జవాబు కొట్టమన్నాను.